పండుగ అయ్యాక డిపో గేటు దగ్గర నాలుగు మాటలు

సంక్రాంతి అంటే మనకు మూడు రోజులు. ఆర్టీసీ డిపోకు పది పదకొండు రోజులు. హైదరాబాదు నుంచి ఊళ్లకు బయల్దేరే జనం భోగికి నాలుగైదు రోజుల ముందే మొదలవుతారు. కనుమ వెళ్లాక వాళ్లే మూటలు, అరిసెల డబ్బాలతో వెనక్కి తిరుగుతారు. ఈ రెండు అలల మధ్య డ్రైవర్లకు వీక్లీ ఆఫ్‌లు ఆగిపోతాయి, ఉన్న డ్యూటీకి తోడు స్పెషల్స్ పడతాయి, గ్యారేజీలో రాత్రీ పగలూ ఒకటే అవుతుంది. చివరి స్పెషల్ డిపోకు చేరిన మర్నాడో ఆ మర్నాడో డిపో మేనేజరు సిబ్బందిని గేటు దగ్గర పోగుచేసి మాట్లాడతాడు. దాన్నే గేట్ మీటింగ్ అంటారు. కృతజ్ఞతలు చెబుతాడు, ఆఫ్‌లు ప్రకటిస్తాడు.

బయటివాళ్లకు అది మర్యాద కోసం జరిగే తంతులా కనిపిస్తుంది. లోపలివాళ్లు ఆ మాటలను వేరే చెవితో వింటారు. ఏ ఆఫ్, ఏ తేదీన, ఎవరికి అన్నదే వాళ్లకు కావాలి. ఆ తేదీలు చెప్పగలగాలంటే మేనేజరు ముందురోజు రాత్రి కూర్చుని ఒక లెక్క వేసుకుని ఉండాలి. లెక్క లేని ప్రసంగం ఎంత తియ్యగా ఉన్నా రెండు వారాల్లో దాని సంగతి బయటపడుతుంది. అందుకే ఇక్కడ ముందు లెక్క చూసి, తర్వాత ప్రసంగం విందాం.

లెక్క సులువుగా పట్టుబడటానికి గోదావరి వైపు ఒక మధ్యరకం డిపోను ఊహించుకుందాం. 80 బస్సులు, 200 మంది డ్రైవర్లు. సంవత్సరం 2026. ఆ ఏడు సంక్రాంతి జనవరి 15, గురువారం. డిపోకు సీజను 9వ తేదీ శుక్రవారం మొదలై 19 సోమవారంతో ముగిసింది. మొత్తం 11 రోజులు. కండక్టర్ల లెక్క వేరే కాగితం మీద ఉంటుంది కానీ పద్ధతి అదే.

ముందు చట్టం ఏం చెబుతోందో చూడాలి. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో ఒక చట్టం వచ్చింది. మామూలు రోజుల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదని, పండుగల వంటి సందర్భాల్లో దాన్ని రోజుకు 10, వారానికి 54 గంటల దాకా పెంచుకోవచ్చని అందులో ఉంది. ఒక రోజు డ్యూటీ దిగాక మర్నాటి డ్యూటీ ఎక్కేలోగా కనీసం 9 గంటలు ఎడతెగని విరామం ఉండాలి. సర్వీసులు ఆగిపోయే పరిస్థితి వస్తే వారపు సెలవు రోజున కూడా పనికి పిలవవచ్చు, కానీ ఒక పూర్తి రోజు సెలవు లేకుండా వరుసగా 10 రోజులకు మించి ఎవరినీ నడపకూడదు. అలా పోయిన సెలవును ఆ నెలలోనో, తర్వాతి రెండు నెలల్లోనో తిరిగి ఇచ్చెయ్యాలి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. పది రోజుల హద్దు, రెండు నెలల గడువు, అదనపు పనికి రెట్టింపు వేతనం అన్నవి అందులోనూ ఉన్నాయి.

ఇంత చదివాక డబుల్ డ్యూటీ అన్నది ఎలా సాధ్యమని మీకు అనుమానం రావాలి. రెండు నిండు డ్యూటీలు వెంటవెంటనే వేస్తే పది గంటల హద్దులో ఎలాగూ ఇమడవు. చార్టు మీద చూస్తే అన్నీ హద్దులోనే ఉంటాయి. పగలు పల్లెవెలుగు దింపినవాడికి విరామం చూపించి రాత్రి స్పెషల్ వేస్తారు, దూరపు బండికి ఇద్దరు డ్రైవర్లను పంపుతారు. రోడ్డు మీద జరిగేది వేరు. హైదరాబాదు నుంచి రాజమండ్రి మామూలుగా తొమ్మిది పది గంటల ప్రయాణం. పండుగ ముందు విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు దాటడానికే గంటలు పట్టే రాత్రులు ఉంటాయి. పది గంటల బండి పద్నాలుగు గంటలకు చేరితే ఆ నాలుగు గంటలూ డ్రైవర్ నిద్రలోంచే కోసుకుపోతాయి. నిజాయితీగా వేసిన చార్టు కూడా అక్కడ ఓడిపోతుంది. కనుక పండుగ తర్వాత లెక్క వేసేటప్పుడు చార్టులో రాసిన వేళలు కాదు, లాగ్ షీట్‌లో బండి నిజంగా గేటులోకి వచ్చిన వేళ చూడాలి. ఈ ఒక్క పని చేసే మేనేజరుకు, చేయని మేనేజరుకు ప్రసంగంలోనే తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు మన డిపోకు వద్దాం. పది రోజుల హద్దు ఉంది కాబట్టి 11 రోజుల సీజనంతా ఆఫ్‌లు ఆపేస్తానంటే కుదరదు. సీజనుకు ముందు చేసిన రోజులు కూడా వరుసలో కలుస్తాయి మరి. జనవరి 2న చివరి ఆఫ్ తీసుకున్న డ్రైవర్‌కు 12వ తేదీతోనే పది రోజులు నిండిపోతాయి. తెలివైన మేనేజరు ఇక్కడ పండుగనే వాడుకుంటాడు. సంక్రాంతి రోజున దూరప్రాంతాల బస్సుల్లో జనం ఉండరు. ఊరు చేరాల్సినవాళ్లు భోగికే చేరిపోయి ఉంటారు, తిరిగి వెళ్లాల్సినవాళ్లు ఇంకా కదలరు. మన డిపోలో 13 నుంచి 16 దాకా నాలుగు రోజుల్లో ప్రతి డ్రైవర్‌కూ ఒక్క ఆఫ్ ఇచ్చారు. ఎవరి చివరి ఆఫ్ ముందు అయిపోయిందో వాళ్లకు ముందు. 13న కొద్దిమందే, 15, 16 తేదీల్లో ఎక్కువమంది.

మరి ఎవరికి ఎంత బాకీ మిగిలింది? 9 నుంచి 19 లోపు శుక్ర, శని, ఆది, సోమవారాలు రెండేసి సార్లు వచ్చాయి. ఆ వారాల్లో వీక్లీ ఆఫ్ ఉన్నవాళ్లకు రెండు రావాలి, ఒకటే వచ్చింది. మంగళ, బుధ, గురువారాల వాళ్లకు ఒకటే రావాలి, అది వచ్చేసింది. ఆఫ్‌లు వారమంతా సమానంగా పంచి ఉంటే 200లో నాలుగు ఏడో వంతులు, అంటే దాదాపు 114 మందికి ఒక్కో రోజు డిపో బాకీ పడింది. ఇది చట్టపు బాకీ. మేనేజరు మంచివాడైనా కాకపోయినా ఇవ్వవలసిందే.

దీని పక్కన ఇంకో అంకె ఉంది. సీజనులో మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ డబుల్స్ చేసినవాళ్లు 116 మంది తేలారు అనుకుందాం. వాళ్ల అదనపు గంటలకు డబ్బు వేరే వస్తుంది. అయినా వాళ్లను అలాగే స్టీరింగ్ ముందు కూర్చోబెట్టడం మంచిది కాదని యూనియన్లతో మాట్లాడి ఒక్కో రోజు విశ్రాంతి అదనంగా ఇద్దామనుకున్నారు. దీన్ని చట్టం అడగదు, డిపో తానుగా తీసుకున్న నిర్ణయం. కొందరి పేర్లు రెండు జాబితాల్లోనూ ఉంటాయి, వాళ్లకు రెండు రోజులు వస్తాయి. మొత్తం 230 రోజులు.

230 రోజులు ప్రకటించడం తేలికే. ఇవ్వడానికి మనుషులు కావాలి. మామూలు రోజుల్లో 200 మందిలో 29 మంది వీక్లీ ఆఫ్‌లో ఉంటారు, సెలవుల్లో, జ్వరాల్లో ఒక 13 మంది. మిగిలిన 158 మందిలో సర్వీసులు నడపడానికి 148 మంది కావాలి. అంటే రోజుకు పది మంది స్పేర్. ఈ పది మందినీ విశ్రాంతికి పంపేస్తానంటే మొదటి రోజే దెబ్బతింటారు. తెల్లవారుజామున ఒకరు రాకపోతే, దారిలో ఒక బండి ఆగిపోతే ఎక్కించడానికి మనిషి ఉండడు. ఇద్దరిని గేటు దగ్గర ఉంచుకోవాలి. మిగిలింది ఎనిమిది. 230ని ఎనిమిదితో పంచితే 29 రోజులు. 21న మొదలుపెడితే ఫిబ్రవరి 18 దాకా సాగుతుంది. చట్టం గడువు మార్చి నెలాఖరు కాబట్టి కాగితం మీద ఇబ్బంది లేదు.

ఇబ్బంది క్యాలెండర్‌లో ఉంది. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న వచ్చింది. శ్రీశైలానికి, కోటప్పకొండకు, ఇంకా ఎవరి ప్రాంతపు శివాలయాలకు వాళ్లు మళ్లీ స్పెషల్స్ వేయాలి. ఆ మూడు నాలుగు రోజులు స్పేర్ అన్న మాటే ఉండదు. శివరాత్రి దాటాక ఇస్తామన్న ఆఫ్ చాలాసార్లు ఉగాది దాకా జరుగుతుంది. అందుకే ఫిబ్రవరి 12 నాటికి బాకీ మొత్తం తీరిపోవాలని మేనేజరు గట్టిగా అనుకోవాలి. 21 నుంచి 12 దాకా 23 రోజులు. రోజుకు ఎనిమిది చొప్పున 184 మాత్రమే వస్తాయి, ఇంకా 46 కావాలి. పండుగ తర్వాత మూడు వారాలు ఊళ్ల మధ్య ప్రయాణాలు తగ్గుతాయి, జేబుల్లో డబ్బులు కూడా అయిపోయి ఉంటాయి. ఒకే దారిలో పావుగంట తేడాతో నడిచే బండ్లలో రెండింటిని ఈ 23 రోజులు ఆపితే రోజుకు మరో ఇద్దరు దొరుకుతారు. ఎనిమిదికి రెండు కలిపితే పది, పది చొప్పున 23 రోజులకు 230. లెక్క సరిపోయింది. రెండు సర్వీసుల రాబడి తగ్గుతుంది, అందుకు రీజియన్ ఆఫీసుకు మేనేజరు జవాబు చెప్పుకోవాలి. ప్రసంగంలో వినబడని ఖర్చు ఇది.

తెలంగాణ డిపోల మేనేజర్లకు ఆ ఏడాది ఈ వెసులుబాటు కూడా లేదు. మేడారం జాతర జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. సంక్రాంతి బండ్లు కడిగి ఆరేలోగా జాతర బండ్లు కట్టాలి. అలాంటిచోట గేటు దగ్గర నిలబడి రేపటి నుంచి అందరికీ ఆఫ్‌లు అంటే ఎవరూ నమ్మరు. జాతరకు ముందు ఒకటి, జాతర అయ్యాక ఒకటి అని విడగొట్టి చెప్పడమే సరైన దారి.

ఇక ప్రసంగం. ముందు ఎప్పుడు చేయాలన్నది తేల్చుకోవాలి. పొద్దున పది గంటలకు ఆఫీసు వేళలో పెడితే మేనేజరుకు సుఖం. కానీ నైట్ అవుట్ చేసి ఆరింటికి దిగినవాళ్లు నాలుగు గంటలు డిపోలోనే కాచుకోవాలి. విశ్రాంతి గురించి చెప్పే మీటింగు కోసం విశ్రాంతి పోగొట్టుకోవడం అన్నమాట. అందుకే దీన్ని మూడుసార్లు చెప్పాలి. తెల్లవారుజామున మొదటి బండ్లు కదిలే ముందు ఒకసారి, మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు ఒకసారి, రాత్రి గ్యారేజీ వాళ్లకు ఒకసారి. ఒక్కోటి నాలుగైదు నిమిషాలు. శాలువాలు, దండలు, వేదిక అక్కర్లేదు. గోడకు అంటించిన చార్టు మాత్రం వెనుక ఉండాలి.

పైన వేసిన లెక్క చేతిలో ఉన్న మేనేజరు జనవరి 20న గేటు దగ్గర ఇలా మాట్లాడవచ్చు.

“అందరికీ నమస్కారం. డ్యూటీ ఎక్కాల్సినవాళ్లున్నారు, దిగి ఇంటికెళ్లాల్సినవాళ్లున్నారు. తొందరగా ముగిస్తాను.

తొమ్మిదో తారీఖు నుంచి నిన్నటి దాకా మీరు పడ్డ కష్టం నాకు తెలుసని ఊరికే అనను. నేనూ కంట్రోలర్లూ కూర్చుని లాగ్ షీట్లన్నీ చూశాం. పదకొండో తారీఖు రాత్రి పంతంగి దగ్గర మన బండ్లు ఆరు ఇరుక్కున్నాయి. పన్నెండు మంది డ్రైవర్లు. పద్నాలుగు గంటలకు ఇల్లు చేరారు. ఒక్క ప్యాసింజర్‌కి దెబ్బ తగల్లేదు, ఒక్క బండికి గీత పడలేదు. ఆ పన్నెండు మందికీ పేరుపేరునా నా నమస్కారం. గ్యారేజీలో పన్నెండో తారీఖు రాత్రి ఒక్క షిఫ్టులో మూడు బండ్లకు కమాన్ పట్టాలు మార్చారు. తెల్లారేసరికి మూడూ లైన్‌లోకి వెళ్లాయి. బండ్లు కడిగినవాళ్లు, డీజిల్ పట్టినవాళ్లు, క్యాష్ లెక్కపెట్టినవాళ్లు, బస్టాండులో మైకు పట్టుకుని గొంతు పోగొట్టుకున్నవాళ్లు, మీరెవరూ రోడ్డు మీద కనిపించరు. మీరు లేకపోతే బండ్లూ కనిపించవు.

కండక్టర్లకు ఒక మాట. పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్‌లలో ఈసారి ఆడవాళ్లే సగానికి పైన. ప్రతి ఒక్కరి కార్డూ చూడాలి, ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొట్టాలి. ఆ పని మీ బ్యాగులో డబ్బుగా కనబడదు. నాకు మిషన్ లెక్కలో కనబడింది.

నా తప్పు ఒకటుంది. ఎల్‌బీ నగర్ వైపు వెళ్లినవాళ్లకు పడుకునే చోటు చూస్తానన్నాను. మొదటి రెండు రోజులు చూడలేకపోయాను. మీరు సీట్ల మీదే నడుం వాల్చారు. దసరాకి ఆ పని ముందే చేస్తాను.

ఇక ఆఫ్‌లు. ఇవి రెండు రకాలు, కలిపి చూడకండి. పండుగలో వీక్లీ ఆఫ్ పోయినవాళ్లు 114 మంది. అది మీకు డిపో బాకీ, నేను కొత్తగా ఇస్తున్నది కాదు. మూడు, ఆపైన డబుల్స్ చేసినవాళ్లు 116 మంది. వాళ్లకు ఒక రోజు అదనం. ఇది మనం మాట్లాడుకుని పెట్టుకున్నది. రెండు జాబితాల్లో పేరున్నవాళ్లకు రెండు రోజులూ పక్కపక్కనే వేశాం. రేపటి నుంచి ఫిబ్రవరి పన్నెండు దాకా రోజుకు పదిమంది. రాత్రి స్పెషల్స్ ఎక్కువ చేసినవాళ్లు ముందు. సీనియారిటీ చూడలేదు. చార్టు అంటించాం, మీ నంబరు ఎదురుగా తేదీ ఉంది. తేదీ ఇబ్బందైతే రేపు సాయంత్రంలోగా ఒకరితో ఒకరు మార్చుకుని కంట్రోలర్‌కి చెప్పండి.

అద్దె బస్సుల డ్రైవర్ తమ్ముళ్లూ ఇక్కడే ఉన్నారు. మీ ఆఫ్‌లు నా చేతిలో లేవు, మీ ఓనర్ల చేతిలో ఉన్నాయి. వాళ్లతో మాట్లాడతాను. కానీ రాత్రి బండి దింపిన మనిషే పొద్దున మళ్లీ ఎక్కితే ఆ బండిని గేటు దాటనివ్వను. ఇది మాత్రం నా చేతిలో ఉంది.”

ఇలాంటిచోట వెనక వరుసలోంచి ఒక గొంతు తప్పకుండా లేస్తుంది. “సార్, ఆఫ్ రోజు పొద్దున్నే కంట్రోలర్ ఫోన్ చేసి ఒక్క ట్రిప్పే కదా వచ్చెయ్యమంటే?”

“చెయ్యరు. చేస్తే ఎత్తకండి. ఎందుకెత్తలేదని అడిగితే నా పేరు చెప్పండి.”

ఈ మాటల్లో కొన్నింటి దగ్గర ఆగాలి. మామూలుగా గేట్ మీటింగుల్లో మొదట వినబడేది కలెక్షన్. గత సంవత్సరం కంటే ఇన్ని లక్షలు ఎక్కువ తెచ్చామని మొదలుపెడతారు. మేనేజరు మీద పైనుంచి వచ్చే ఒత్తిడి ఆ అంకె మీదే కాబట్టి నోటికి ముందు అదే వస్తుంది. కానీ ఇప్పుడు ఆ అంకె పనిని సరిగ్గా చూపదు కూడా. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. కిక్కిరిసిన పల్లెవెలుగులో కండక్టర్ రెట్టింపు టికెట్లు కొట్టినా బ్యాగులో సగం డబ్బే ఉండవచ్చు. డబ్బును బట్టి మెచ్చుకుంటే ఎక్కువ కష్టపడినవాళ్లకే తక్కువ మెప్పు దక్కుతుంది. లాగ్ షీట్, టికెట్ మిషన్, గ్యారేజీ జాబ్ కార్డు చూసి మెచ్చుకుంటే ఆ అన్యాయం జరగదు. పైగా ఎవరో తమ రాత్రిని గమనించారని వినేవాళ్లకు తెలుస్తుంది.

బాకీని, అదనాన్ని విడగొట్టడం గురించి నాకు పట్టింపు ఎక్కువే. చాలామంది మేనేజర్లు రెండింటినీ ఒకే మూటకట్టి కానుకలా ప్రకటిస్తారు, చప్పట్లు కొట్టించుకుంటారు. మనిషి హక్కును అతనికే బహుమతిగా ఇవ్వడం అది. సిబ్బంది పైకి చప్పట్లు కొట్టినా లోపల లెక్క వేసుకుంటారు. ఆ మూటలోంచి ఎప్పుడైనా ఒక రోజు తగ్గించాల్సి వస్తే ఏది తగ్గిందో ఎవరికీ తెలియదు, అంతా గొడవవుతుంది. విడగొట్టి చెబితే అదనంగా ఇచ్చినదానికి నిజమైన విలువ వస్తుంది.

రెండు రోజులు పక్కపక్కన వేయడానికి కారణం నిద్ర. వరుసగా రాత్రులు మేల్కొన్న శరీరం ఒక్క రాత్రి పడుకుంటే కోలుకోదు. మొదటి రోజు దాదాపు నిద్రకే పోతుంది, ఇంటివాళ్లకు మనిషి దొరికేది రెండో రోజే. నిద్ర చాలని డ్రైవర్‌కు తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య, మళ్లీ మధ్యాహ్నం భోజనం అయ్యాక రెప్పలు వాలతాయి. కళ్లు తెరిచే ఉన్నా కొన్ని సెకన్ల పాటు మెదడు పడుకుంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే దాదాపు 67 మీటర్లు, స్టీరింగ్ పట్టుకున్న చేతులకు ఏమీ తెలియకుండా. రాత్రి స్పెషల్స్ ఎక్కువ చేసినవాళ్లకు ముందు ఆఫ్ ఇవ్వాలనడం ఇందుకే. యూనియన్ ఆఫీసులో గట్టిగా మాట్లాడేవాళ్లకు, కంట్రోలర్‌కు టీ ఇప్పించేవాళ్లకు ముందు తేదీలు పడే డిపోలు ఉంటాయి, అది ఎవరికీ తెలియని రహస్యం కాదు.

ప్రకటించిన ఆఫ్ చెడిపోయే దారులు కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే మాయదారిది దిగిన రోజునే ఆఫ్‌గా రాయడం. రాత్రంతా బండి నడిపి ఉదయం ఆరింటికి డిపోకు చేరిన డ్రైవర్‌కు ఆ తేదీనే ఆఫ్ అని మస్టర్‌లో పడుతుంది. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ డ్యూటీ. కాగితం మీద ఒక రోజు సెలవు, నిజానికి అతనికి దొరికింది 22 గంటలు, అందులో పగటి నిద్ర పోగా మిగిలింది ఒక సాయంత్రం. రోజువారీ విరామమే అక్కడ సెలవు పేరు పెట్టుకుంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఆఫ్ తేదీకి ముందురోజు లాగ్ షీట్‌లో బండి లోపలికొచ్చిన వేళ, తర్వాతి రోజు బయటికెళ్లిన వేళ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. రెండు రాత్రులు ఇంట్లో పడుకుని ఉంటేనే అది పూర్తి ఆఫ్.

రెండోది ఖాతాలో వేయడం. ఆఫ్ మీ పేరున ఉంది, అవసరమైనప్పుడు వాడుకోండి అంటారు. వినడానికి ఉదారంగా ఉంటుంది. అవసరమై అడిగిన రోజు స్పేర్ ఉండదు, గడువు గడిచిపోతుంది. తేదీ లేని ఆఫ్‌ను ఆఫ్‌గా లెక్కపెట్టకూడదు.

ఫోన్ సంగతి అడిగిన గొంతు ఇందాక గుర్తుచేసింది. కంట్రోలర్‌ను తప్పుపట్టి లాభం లేదు. నాలుగున్నరకి బండి కదలాలి, మనిషి రాలేదు, ఫోన్‌లో ఉన్న మొదటి నంబరుకు చేస్తాడు. అతనికి ఇద్దరు స్పేర్ మనుషులను చేతిలో పెట్టకుండా ఫోన్ చేయవద్దని ఆజ్ఞ వేస్తే ఆ ఆజ్ఞ రెండు రోజులు నిలుస్తుంది. మన లెక్కలో ఇద్దరిని పక్కన పెట్టడం ఈ మాట నిలబెట్టుకోవడానికే.

ఈ లెక్కకు అందనివాళ్లూ ఉన్నారు. అద్దె బస్సుల డ్రైవర్ల గురించి మేనేజరే ఒప్పుకున్నాడు. బస్టాండు ఊడ్చేవాళ్లు, కాంట్రాక్టరు కింద బండ్లు కడిగేవాళ్లు చాలాచోట్ల రోజు కూలీ మీద ఉంటారు. వాళ్లకు రేపు విశ్రాంతి తీసుకోండి అంటే రేపు కూలి లేదని అర్థం. వాళ్ల విశ్రాంతికి డబ్బు ఎవరు ఇస్తారో తేల్చకుండా అందరికీ ఆఫ్‌లు అని మైకులో చెప్పడం కంటే, వాళ్ల విషయం కాంట్రాక్టరుతో తేలాక చెబుతానని నేరుగా అనడం మర్యాద. ఆడ కండక్టర్ల ఆఫ్ సంగతి ఏ చార్టూ తేల్చలేదు, ఆ రోజు వాళ్లు దిగేది రెండో డ్యూటీలోకే. దానికి డిపో మేనేజరు కాదు, ఇంట్లో ఉన్నవాళ్లు జవాబు చెప్పాలి.

జనవరి చివర్లో మీ ఊరి దారిలో ఏదో ఒక బండి రెండు మూడు వారాలు కనిపించకపోవచ్చు. విచారణ కౌంటర్‌లో ఉన్నవాళ్లమీద అరవకండి. ఆ సర్వీసు ఎందుకు ఆపారు, మళ్లీ ఏ తేదీ నుంచి వేస్తారు అని అడగండి. డ్రైవర్ల ఆఫ్‌ల కోసం ఆపామని, ఫలానా తేదీకి మళ్లీ వస్తుందని చెప్పగలిగితే ఆ డిపోలో ఎవరో కూర్చుని లెక్క వేశారన్నమాట. తేదీ చెప్పలేకపోతే అప్పుడు ఫిర్యాదు రాయండి, అందులో డ్రైవర్ల ఆఫ్‌ల సంగతి కూడా అడగండి.